సెలవు చీటీ: క్లాస్ టీచర్‌కు ఎలా రాయాలి, ప్రిన్సిపాల్‌కు ఎలా రాయాలి

పిల్లవాడికి ఒళ్ళు బాగోలేదు, రేపు బడికి పంపడం లేదు. చెప్పాల్సింది ఇంతే. అయినా రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోతుంది. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టాలా, "నమస్తే మేడమ్" అంటే సరిపోతుందా? "ప్రార్థిస్తున్నాను" అనాలా, "చెబుతున్నాను" అనాలా? చాలామంది ఈ సందేహాన్ని పదవిని బట్టి తేల్చుకుంటారు. ప్రిన్సిపాల్ పెద్ద కాబట్టి పెద్ద మాటలు, టీచర్ కాస్త దగ్గర కాబట్టి మామూలు మాటలు అనుకుంటారు. అది సగమే నిజం.

మీరు రాసిన కాగితం చదివిన తర్వాత ఎక్కడికి వెళుతుందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది. క్లాస్ టీచర్‌కు రాసింది ఆవిడ చదువుతుంది, హాజరు పట్టీలో గుర్తు పెట్టుకుంటుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఆవిడకు మీ పిల్ల తెలుసు, ఎక్కడ కూర్చుంటుందో తెలుసు, నిన్న దగ్గుతూ ఉండటం కూడా చూసే ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు రాసిన కాగితం అలా కాదు. దాని మీద ఆయన ఒక మాట రాసి సంతకం పెడతారు, ఆఫీసులో ఫైలు చేస్తారు. రెండు నెలల తర్వాత మార్కులు వేసేటప్పుడో, హాజరు శాతం లెక్కేసేటప్పుడో మీ పిల్లను ఎప్పుడూ చూడని మనిషి ఒకరు దాన్ని తీసి చదువుతారు. ఆ మనిషికి ఎవరినీ అడగకుండా అంతా అర్థం కావాలి. ప్రిన్సిపాల్ లెటర్‌కు ఉండే లాంఛనం చాలావరకు ఇందుకోసమే.

మొదట, ఎవరికి రాయాలో తేల్చుకోండి

దీనికి ఒక్క ప్రశ్న చాలు. మీరు కబురు చెబుతున్నారా, అనుమతి అడుగుతున్నారా?

జ్వరం, కడుపునొప్పి లాంటి వాటితో ఒకటి రెండు రోజులు మానితే అది కబురే. క్లాస్ టీచర్‌కు రాయండి. ప్రిన్సిపాల్‌ను అందులోకి లాగనక్కర్లేదు. లాగితే ఆయన ఆ కాగితాన్ని మళ్ళీ టీచర్ దగ్గరికే పంపుతారు. తనను దాటి పైకి వెళ్ళారని టీచర్ అనుకునే అవకాశం కూడా ఉంటుంది.

టీచర్ ఒక్కరే తేల్చలేనిది మీ ఉత్తరంలో ఉంటే అది ప్రిన్సిపాల్‌కు వెళ్ళాలి. మానే రోజులు ఎక్కువైనా, మధ్యలో పరీక్ష ఉన్నా, ముందే తెలిసిన ప్రయాణమో శుభకార్యమో ఉన్నా, అంటుజబ్బు వచ్చినా అంతే. ఎన్ని రోజులు దాటితే ప్రిన్సిపాల్‌కు రాయాలన్నది ఒక్కో బడిలో ఒక్కోలా ఉంటుంది. సాధారణంగా స్కూలు డైరీ మొదటి పేజీల్లో అచ్చు వేసి ఉంటుంది, ఒకసారి తిరగేయండి.

ప్రిన్సిపాల్‌కు రాసేటప్పుడు కూడా ముందు టీచర్‌కు చెప్పండి. ఉత్తరం ఆవిడ చేతుల మీదుగా వెళితే ఇంకా మంచిది. దానికోసం ప్రిన్సిపాల్ చిరునామా కింద "ద్వారా: 7వ తరగతి బి సెక్షన్ క్లాస్ టీచర్ గారు" అని ఒక వరుస చేరిస్తే చాలు. కాగితం ఆఫీసుకు చేరేలోగా టీచర్ దాని మీద ఒక పొట్టి సంతకం పెడతారు. అప్పుడు ప్రిన్సిపాల్ "టీచర్‌కు తెలుసా?" అని అడగాల్సిన పని ఉండదు.

ఒక చిన్న చిక్కు ఉంది. కొన్ని చిన్న బడుల్లో ప్రిన్సిపాలే క్లాస్ టీచర్ కూడా. అలాంటప్పుడు మనిషిని చూసి కాకుండా పనిని చూసి రాయండి. కబురైతే టీచర్‌కు రాసినట్టు, అనుమతైతే ప్రిన్సిపాల్‌కు రాసినట్టు. టీచర్ మీకు బాగా తెలిసినవారు, ఇంటికి వచ్చి పోయేవారు అయినా ఇదే పద్ధతి. ఫోన్లో ఎంత చనువుగా మాట్లాడుకున్నా, ఫైలులోకి వెళ్ళే కాగితంలో ఆ చనువు కనిపించకూడదు.

రాసే ముందు, ఐదు సంగతులు ఒక చిత్తు కాగితం మీద పెట్టుకోండి

పిల్ల పేరు, తరగతి, సెక్షన్, రోల్ నంబరు ఒకటి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రెండు. కారణం ఒక్క వాక్యంలో, అది మూడు. మీరేం అడుగుతున్నారో నాలుగు. మళ్ళీ ఏ రోజు బడికి వస్తుందో ఐదు. క్లాస్ టీచర్‌కైతే వీటిలో కొన్ని వదిలేయవచ్చు. ప్రిన్సిపాల్‌కు ఒక్కటి కూడా వదలకూడదు.

తేదీల దగ్గర చాలామంది తడబడతారు. 6 నుంచి 15 వరకు అంటే ఎన్ని రోజులు? పదిహేనులోంచి ఆరు తీసేసి తొమ్మిది అని రాస్తారు. నిజానికి పది, ఎందుకంటే ఆరో తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. పైగా "15 వరకు" అంటే 15న వస్తుందా, రాదా? చదివేవాళ్ళు రెండు రకాలుగానూ అనుకోవచ్చు. అందుకే ప్రిన్సిపాల్ లెటర్‌లో "రెండు తేదీలూ కలుపుకుని 10 రోజులు" అని రాసి, ఆ తర్వాత "16వ తేదీ గురువారం పాఠశాలకు హాజరవుతుంది" అని కూడా రాయాలి. రాసింది రెండుసార్లు చెప్పినట్టు అనిపించినా ఫర్వాలేదు. "రేపటి నుంచి", "వచ్చే వారం దాకా" లాంటి మాటలు టీచర్‌కు పంపే మెసేజ్‌లో చెల్లుతాయి, ఎందుకంటే ఆవిడ దాన్ని ఆ రోజే చదువుతుంది. ఫైలులో ఉన్న కాగితంలో "రేపు" అంటే ఏ రోజో ఎవరికీ తెలియదు.

పలకరింపు

క్లాస్ టీచర్‌కు "మేడమ్, నమస్తే" లేదా "సార్, నమస్కారం" చాలు. డైరీలో రాస్తే "క్లాస్ టీచర్ గారికి, నమస్కారం" అనండి. పేరు పెట్టి రాయాలనుకుంటే పేరు పక్కన "గారు" తప్పనిసరి. మీకంటే వయసులో చిన్నవారైనా సరే, ఉత్తరంలో ఆవిడ మీ అమ్మాయి టీచరే కానీ మీకు చెల్లెలి వయసు మనిషి కాదు.

ప్రిన్సిపాల్‌కు "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అని మొదలుపెట్టి, కింది వరుసలో "నమస్కారములు" అనండి. ప్రధానోపాధ్యాయులు అని పిలిచే బడిలో అదే వాడండి. "మహారాజరాజశ్రీ", "పూజనీయులు" లాంటివి వద్దు. పాత ఉత్తరాల్లో అందంగానే ఉండేవి కానీ, ఇప్పుడు సెలవు చీటీలో పెడితే వెటకారంలా వినిపించే ప్రమాదం ఉంది. అన్నట్టు, ఒకే వరుసలో శ్రీ, గౌరవనీయులైన, గారు మూడూ కుక్కడం కూడా అనవసరం.

మీరా, తమరా అన్నది తర్వాతి ప్రశ్న. "తమరు" అంటే గౌరవం ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ దాన్ని ఎత్తుకున్నాక చివరిదాకా దింపకూడదు. "తమ పాఠశాలలో" అని మొదలుపెట్టి, మధ్యలో "మీకు తెలిసిందే" అని, చివర "తమరు దయచేసి" అని ముగిస్తే కోటు తొడుక్కుని కింద లుంగీ కట్టుకున్నట్టు ఉంటుంది. నిలబెట్టుకోగలిగితే తమరు వాడండి, లేదంటే మొదటి నుంచీ "మీరు" అనండి. "మీరు"లో మర్యాదకేమీ లోటు లేదు. నా మటుకు నేను ప్రిన్సిపాల్‌కు రాసినా "మీ పాఠశాల" అనే రాస్తాను.

కారణం చెప్పేటప్పుడు

టీచర్‌కు ఇంట్లో మాట్లాడుకునే మాటలే రాయండి. "పాపకు రాత్రి నుంచి జ్వరంగా ఉంది", "బాబుకు కడుపులో బాగోలేదు", "డాక్టర్ రెండు రోజులు రెస్ట్ తీసుకోమన్నారు". ప్రిన్సిపాల్‌కు రాసేటప్పుడు ఇవే సంగతులు కాస్త తీరు మార్చుకుంటాయి. పాప "మా కుమార్తె" అవుతుంది, బాబు "మా కుమారుడు" అవుతాడు. "డాక్టర్ రెస్ట్ తీసుకోమన్నారు" అన్నది "వైద్యులు విశ్రాంతి తీసుకోవాలని సూచించారు" అవుతుంది. "బాగోలేదు" అన్నది "అనారోగ్యం కారణంగా" అవుతుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. "అనారోగ్య కారణముచే పాఠశాలకు హాజరుకాజాలకపోయినది" లాంటి గ్రాంథికంలోకి వెళ్ళకండి. అలవాటు లేని భాషలో రాస్తే క్రియల దగ్గర దొరికిపోతాం. మొదటి వాక్యంలో "చదువుచున్నది" అని, మూడో వాక్యంలో "వచ్చేసింది" అని పడుతుంది. నేటి పత్రికలు రాసే తెలుగు ప్రిన్సిపాల్‌కు సరిపోతుంది. "చదువుతోంది", "హాజరు కాలేదు", "సూచించారు" అంటే చాలు.

కారణం ఎంత వివరంగా చెప్పాలన్న దానిలోనే ఎక్కువమంది తలకిందులుగా చేస్తారు. టీచర్‌కు "అనివార్య కారణాల వల్ల" అని పొడిగా రాస్తారు, ప్రిన్సిపాల్‌కు మాత్రం రాత్రి ఎన్నిసార్లు వాంతులయ్యాయో రాస్తారు. ఉండాల్సింది అటుది ఇటు, ఇటుది అటు. పిల్లను రోజంతా చూసుకునేది టీచర్. తిరిగి వచ్చాక నీరసంగా ఉంటుందా, ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టాలా, మందు వేసుకోవాలా అన్నవి ఆవిడకు తెలియాలి. ప్రిన్సిపాల్‌కు జబ్బు పేరు, డాక్టర్ చెప్పిన గడువు చాలు. మిగతాది సర్టిఫికెట్ చెబుతుంది.

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు కూడా ఇలాగే. ప్రిన్సిపాల్‌కు "మా కుటుంబంలో మరణం సంభవించినందున" అన్నంత వరకే చాలు. ఎవరు పోయారు, పిల్లవాడు వారికి ఎంత చేరిక అన్నది టీచర్‌కు వేరుగా చెప్పండి. పిల్లవాడు క్లాసులో ముభావంగా ఉంటే ఆవిడకు కారణం తెలిసి ఉంటుంది.

అడిగే వాక్యం

ఉత్తరం స్థాయి నిజంగా తెలిసేది ఈ ఒక్క వాక్యంలోనే. పలకరింపులో ఎంత గౌరవం కురిపించినా ఇక్కడ "సెలవు ఇవ్వండి" అని రాస్తే ఆజ్ఞలా ఉంటుంది. మెత్తదనంలో మెట్లు ఉన్నాయి. "చెప్పండి" మామూలు మర్యాద. "చెప్పగలరా?" అంటే ఇంకొంచెం మెత్తన. "చేయగలరు" అన్నది ఆఫీసు ఉత్తరాల్లో వాడే మర్యాద. "చేయవలసిందిగా కోరుతున్నాను" అంటే అనుమతి అడగడం. "ప్రార్థిస్తున్నాను" అన్నిటికంటే పై మెట్టు.

క్లాస్ టీచర్‌కు జబ్బు కబురు చెప్పేటప్పుడు "పంపడం లేదు" అని నేరుగా అనవచ్చు. జ్వరంతో ఉన్న పిల్లను ఇంట్లో ఉంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. అక్కడ "దయచేసి అనుమతించ ప్రార్థన" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆవిడను ఏదైనా పని అడిగితే, ఉదాహరణకు హోంవర్క్, అప్పుడు "చెప్పగలరా?" అనండి. ముందే తెలిసిన పెళ్ళి కోసం ఒకరోజు మానిపిస్తుంటే మాత్రం టీచర్ దగ్గర కూడా "పంపడం లేదు" అనకండి. "శుక్రవారం ఒక్కరోజు సెలవు కావాలి, ఆ రోజు టెస్ట్ ఏమైనా ఉందా మేడమ్?" అంటే పద్ధతిగా ఉంటుంది.

ప్రిన్సిపాల్‌కు "మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను" దగ్గర ఆగిపోండి. "ప్రార్థిస్తున్నాను" తప్పు కాదు, విద్యార్థి స్వయంగా రాసే ఉత్తరంలో బాగానే ఉంటుంది. తల్లిదండ్రులు రాసేటప్పుడు "కోరుతున్నాను" నిండుగా ఉంటుంది. రెండు సంగతులు అడగాల్సి వస్తే రెండు వాక్యాలుగా విడదీయండి. సెలవు, పరీక్ష ఒకే వాక్యంలో కలిపేస్తే మొదటిదానికి సంతకం పడి రెండోది అలాగే ఉండిపోతుంది. అంతకంటే ముఖ్యం, సెలవు లెటర్‌లో ఫిర్యాదు కలపకండి. "క్లాసులో ఫ్యాన్లు తిరగవు, అందుకే జ్వరం" అని చివర ఒక వాక్యం తగిలిస్తే ఆ కాగితం సెలవు లెటరూ కాదు, ఫిర్యాదూ కాదు. దానికి వేరే కాగితం రాయండి.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా

లాస్య అనే అమ్మాయి 7–బిలో చదువుతోంది అనుకుందాం, రోల్ నంబరు 21. 2026 జూలై 6, సోమవారం పొద్దున్న జ్వరం. తల్లి క్లాస్ టీచర్‌కు బడి మొదలయ్యేలోపు ఇలా పంపింది:

> మేడమ్, నమస్తే. నేను 7–బి లాస్య అమ్మను. పాపకు రాత్రి నుంచి జ్వరంగా ఉంది, ఇవాళ బడికి పంపడం లేదు. ఇవాళ్టి హోంవర్క్ సాయంత్రం వీలైతే చెప్పగలరా? థాంక్యూ మేడమ్.

ఇందులో తేదీ లేదు, "విషయం" అనే వరుస లేదు, అయినా లోటు లేదు. రాసిందెవరో మొదటి వరుసలోనే చెప్పడం గమనించండి. టీచర్ ఫోన్లో మీ నంబరు ఏ పేరుతో ఉందో మీకు తెలియదు, అసలు ఉందో లేదో కూడా తెలియదు.

మంగళవారం ఒంటి మీద పొక్కులు లేచాయి. డాక్టర్ చూసి చికెన్‌పాక్స్ అన్నారు. ఇది అంటుకునే జబ్బు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకోగలదు, పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. అంటుకున్నవారిలో 10 నుంచి 21 రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడవచ్చు. అందుకే లాస్య పక్కన కూర్చునే పిల్లల విషయంలో జాగ్రత్త పడేందుకు టీచర్‌కు ఈ సంగతి వెంటనే తెలియాలి. ఇక్కడ లాంఛనం కంటే త్వరగా చెప్పడం ముఖ్యం. మంగళవారం సాయంత్రం తల్లి పంపిన రెండో మెసేజ్ ఇది:

> మేడమ్, లాస్యను డాక్టర్‌కు చూపించాం, చికెన్‌పాక్స్ అన్నారు. 15 దాకా ఇంట్లోనే ఉంచమన్నారు. పక్కన కూర్చునే పిల్లల ఇళ్ళలో చెప్పాల్సి వస్తే చెప్పండి, మాకేం ఇబ్బంది లేదు. గ్రూపులో మాత్రం పాప పేరు పెట్టొద్దు మేడమ్. 13, 14 తేదీల్లో టెస్టులు ఉన్నాయి కదా, అందుకని ప్రిన్సిపాల్ గారికి లెటర్ రాస్తున్నాను. రేపు మీకే పంపిస్తాను, మీరు చూసి ఆఫీసులో ఇవ్వగలరా?

ఇది ఇప్పటికీ మాట్లాడుకునే తెలుగే. "కదా", "అందుకని", "పెట్టొద్దు" అన్నీ ఉన్నాయి. ఈ మెసేజ్ తరగతి గ్రూపులో కాకుండా టీచర్‌కు విడిగా వెళ్ళాలి. పిల్ల జబ్బు సంగతి నలభై ఇళ్ళకు తెలియాల్సిన పని లేదు. మర్యాదలో ఇదీ ఒక భాగమే, ఈసారి పిల్ల పట్ల.

బుధవారం రాసిన ఉత్తరం:

> తేదీ: 8 జూలై 2026
>
> ప్రిన్సిపాల్ గారికి,
> (పాఠశాల పేరు, ఊరు)
> ద్వారా: 7వ తరగతి బి సెక్షన్ క్లాస్ టీచర్ గారు
>
> విషయం: 7–బి విద్యార్థిని లాస్య (రోల్ నంబరు 21) – జూలై 6 నుంచి 15 వరకు అనారోగ్య సెలవు, యూనిట్ టెస్టుల గురించి
>
> గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
> నమస్కారములు.
>
> మా కుమార్తె లాస్య మీ పాఠశాలలో 7వ తరగతి బి సెక్షన్‌లో చదువుతోంది. జ్వరం కారణంగా ఈ నెల 6వ తేదీ నుంచి పాఠశాలకు హాజరు కాలేదు. 7వ తేదీన వైద్యులు పరీక్షించి చికెన్‌పాక్స్ అని నిర్ధారించారు. 15వ తేదీ వరకు ఇంట్లోనే విశ్రాంతి తీసుకోవాలని సూచించారు. వైద్యుల సర్టిఫికెట్ జతపరుస్తున్నాను.
>
> కావున జూలై 6 నుంచి 15 వరకు, రెండు తేదీలూ కలుపుకుని 10 రోజులు, లాస్యకు సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.
>
> 13, 14 తేదీల్లో జరిగే గణితం, సైన్స్ యూనిట్ టెస్టులను లాస్య తిరిగి వచ్చాక రాసేందుకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను.
>
> లాస్య 16వ తేదీ గురువారం పాఠశాలకు హాజరవుతుంది. ఆ రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సమర్పిస్తాము.
>
> భవదీయురాలు,
> (సంతకం)
> (పేరు), లాస్య తల్లి
> ఫోన్: (నంబరు)
>
> జతపరచినది: వైద్యుల సర్టిఫికెట్ – 1

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, "దయచేసి" కూడా లేదు. అయినా మర్యాదగానే ఉంది, ఎందుకంటే చదివేవారికి ఏదీ వెతుక్కునే పని పెట్టలేదు. ఉత్తరం ముగింపులో తల్లి అయితే "భవదీయురాలు", తండ్రి అయితే "భవదీయుడు". "తమ విధేయుడు" విద్యార్థి వాడే మాట, తల్లిదండ్రులకు నప్పదు. పిల్లలే స్వయంగా రాసే వయసుంటే "తమ విధేయురాలైన విద్యార్థిని" అని వాళ్ళు సంతకం పెట్టాలి, కింద మీరు కూడా సంతకం పెట్టాలి. టీచర్‌కు పంపే మెసేజ్‌లో ఇవేమీ అక్కర్లేదు. డైరీలో రాస్తే మాత్రం చివర "ఇట్లు, లాస్య అమ్మ" అని సంతకం చేయండి.

ఇదే ఉత్తరాన్ని ఈమెయిల్‌లో పంపితే చిరునామా భాగం తీసేయవచ్చు, "విషయం" వరుస మాత్రం సబ్జెక్టులోకి ఎక్కాలి. చాలామంది అక్కడ "లీవ్ లెటర్" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. అదే పేరుతో ఆ ఇన్‌బాక్సులో ఇంకా ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. "7–బి లాస్య, జూలై 6–15 అనారోగ్య సెలవు" అంటే ఎప్పుడు వెతికినా దొరుకుతుంది.

15వ తేదీ వచ్చింది, కొన్ని పొక్కులు ఇంకా ఎండలేదు, డాక్టర్ మరో మూడు రోజులు ఆగమన్నారు. మళ్ళీ ఉత్తరం మొత్తం రాయాలా? అక్కర్లేదు. "జూలై 8 నాటి నా లేఖకు కొనసాగింపుగా" అని మొదలుపెట్టి, కొత్త తేదీలు, కొత్త సర్టిఫికెట్, అడిగే వాక్యం మాత్రం ఉంచండి. పాత లేఖ తేదీ చెప్పగానే ఆఫీసువాళ్ళు దాన్ని తీసి దీనితో కలిపి పెడతారు. టీచర్‌కు మాత్రం అదే సాయంత్రం "మేడమ్, ఇంకో మూడు రోజులు పడుతుందన్నారు, 19న పంపమంటున్నారు, ఆ రోజు ఆదివారం కాబట్టి సోమవారం 20న వస్తుంది" అని మామూలుగా చెప్పేయండి.

స్థాయి తప్పిందని ఎలా తెలుస్తుంది

పంపే ముందు ఒకసారి పైకి చదవండి. ఉత్తరం ప్రిన్సిపాల్‌కైతే "కదా", "అంట", "పంపించేస్తా", "కొంచెం చూడండి" లాంటివి ఎక్కడైనా నోటికి తగిలితే వాటిని తీసేయండి. ఇవి మాట్లాడేటప్పుడు వస్తాయి, ఫైలులో ఇమడవు. టీచర్‌కైతే దీనికి తిరగేసి చూడండి. "సమర్పించుకుంటున్నాను", "విన్నవించుకొనుచున్నాను" అని చదువుతుంటే మీకే నవ్వొస్తుంది. నవ్వొచ్చిన చోటల్లా మామూలు మాట పెట్టండి.

పంపిన తర్వాత వచ్చే జవాబు కూడా సంగతి చెబుతుంది. టీచర్ "సరేనండి, పాప జాగ్రత్త" అని ఒక్క వరుస పంపితే కబురు సరిగ్గా అందినట్టే. "ఎన్ని రోజులండీ?", "ఏ టెస్టులండీ?" అని తిరిగి అడిగితే మర్యాద ఎక్కువై సంగతి తక్కువైంది. ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి "క్లాస్ టీచర్‌ను సంప్రదించండి" అని వస్తే ఉత్తరం తప్పు గుమ్మానికి వెళ్ళింది. అప్పుడు మళ్ళీ పెద్ద ఉత్తరం రాయకండి, టీచర్‌కు రెండు వరుసల్లో చెప్పండి. టీచరే "ఇది ప్రిన్సిపాల్ గారిని అడగండి" అంటే అప్పటికి మీరు కబురు చెప్పే భాషలో అనుమతి అడుగుతున్నారన్నమాట. పంపిన మెసేజ్‌నే ఫార్వర్డ్ చేయకుండా, చిత్తు కాగితం మీద పెట్టుకున్న ఆ ఐదు సంగతులతో ఉత్తరం కొత్తగా రాయండి.

"సెలవు మంజూరైంది" అని మాత్రమే జవాబు వచ్చి పరీక్ష ఊసు లేకపోతే ఊరుకోకండి. టీచర్‌ను అడగండి, ఆవిడకూ తెలియకపోతే ప్రిన్సిపాల్‌కు ఒక వరుస రాయండి: "నా జూలై 8 నాటి లేఖలోని రెండో అభ్యర్థనపై మీ నిర్ణయం తెలియజేయగలరు." ఇంత చిన్న వాక్యంలో కూడా లేఖ తేదీ ఉంది, ఏ అభ్యర్థనో ఉంది. "ఏమైందండీ మా టెస్టుల సంగతి?" అని అడగాలనిపిస్తే అది టీచర్‌ను అడగవచ్చు.